పాంట్రీ లైట్లు ఆరాయి, మైక్రోవేవ్‌లో టైమ్ మాత్రం వెలుగుతూనే ఉంది: ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు కేసు

ఫైర్ సేఫ్టీ ఆడిట్లు, ప్రమాదం జరిగాక ఇన్వెస్టిగేషన్లు చెయ్యడం నా పని. ఈ కేసు చూడ్డానికి చాలా చిన్నది. ఒక ఆఫీస్ ఫ్లోర్, పాంట్రీలో మంట, నాలుగు నిమిషాల్లోపే ఆరిపోయింది, ఒక మైక్రోవేవ్, అడుగున్నర కౌంటర్, దాని పైన కబోర్డు తలుపు ఒకటి పోయాయి, సెక్యూరిటీ గార్డుకి రెండు వేళ్లు బొబ్బలెక్కాయి, అంతే. మామూలుగా అయితే ఒక పేజీ రిపోర్ట్ రాసి ఫైల్ మూసేసేవాణ్ణి. కానీ ఆరిపోయిన మంట ముప్పావు నిమిషం లోపే మళ్లీ అంటుకుంది, అదీ ఎక్స్‌టింగ్విషర్ కరెక్ట్‌గా వాడిన తర్వాత. అది ఎందుకు జరిగిందో ఒక ఉద్యోగి ఫోన్‌లో తీసిన 11 సెకన్ల వీడియోలో దొరికింది.

ముందు జరిగింది జరిగినట్టు చెప్తా. ఇక్కడ ఒక చిన్న తలనొప్పి, సీసీటీవీ గడియారానికి, ఫైర్ పానెల్ గడియారానికి మూడు నిమిషాల తేడా ఉంది, రెండిటినీ ఉన్నదున్నట్టు పక్కపక్కన పెట్టి చూస్తే అలారం మంట కంటే చాలా ఆలస్యంగా మోగినట్టు కనిపిస్తుంది, నిజానికి అంత ఆలస్యం లేదు. ఎప్పుడైనా టైమ్‌లైన్ కడితే మొదట రెండు గడియారాలూ ఒకేసారి ఫోటో తీసి తేడా రాసుకోండి, లేకపోతే తర్వాత మనుషుల మీద లేనిపోని తప్పులు పడతాయి. కాబట్టి నేను గడియారం టైమ్ వదిలేసి, మొదట మంట చూసిన క్షణాన్ని సున్నాగా పెట్టుకుని లెక్కేశా.

సాయంత్రం బ్రేక్ టైమ్. పాంట్రీ కౌంటర్ మీద ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు, దానికి కెటిల్, మైక్రోవేవ్, కాఫీ మెషిన్, పక్కనే చిన్న ఫ్రిజ్. బోర్డు తీగ పొడవు ఎక్కువైందని దాన్ని చుట్ట చుట్టి టై కట్టి ఫ్రిజ్ వెనక దోపేశారు. హౌస్ కీపింగ్ ఆవిడ కప్పులు తీసుకోడానికి లోపలికి వచ్చి మైక్రోవేవ్ వెనక జానెడు ఎత్తు మంట చూసింది, పక్కనే ఉన్న టిష్యూ ప్యాకెట్ అప్పుడే అంటుకుంటోంది. ఆవిడ అరిచింది. దగ్గర్లో ఉన్న కుర్రాడొకడు నీళ్ల జగ్గు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, గార్డు చెయ్యి అడ్డం పెట్టి "నీళ్లొద్దు తమ్ముడూ, కరెంటుంది" అని ఆపాడు. ఆ ఒక్క మాటకే ఆయనకి దండం పెట్టొచ్చు.

గార్డు యూపీఎస్ రూమ్ బయట ఉన్న సీఓటూ, అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ ఎక్స్‌టింగ్విషర్ సిలిండర్ కోసం పరిగెత్తాడు. ఈలోపు అడ్మిన్ వ్యక్తి డిస్ట్రిబ్యూషన్ బోర్డు తలుపు తీసి "పాంట్రీ" అని రాసున్న ఎంసీబీ, అంటే లోడ్ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్, కిందకి దించాడు. పాంట్రీలో లైట్లు ఆరిపోయాయి. "పవర్ కట్ చేశా అన్నా, కొట్టెయ్" అని అరిచాడు. అప్పటికి 50 సెకన్లు. గార్డు పిన్ లాగి, రెండు మీటర్ల దూరం నుంచి మంట మొదలు మీదకి ఎనిమిది సెకన్లు కొట్టాడు, మంట టక్కున ఆరిపోయింది. 1 నిమిషం 18 సెకన్ల దగ్గర అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఇద్దరు ముగ్గురు చప్పట్లు కూడా కొట్టారు.

1 నిమిషం 55 సెకన్లకి మళ్లీ మంట. ఈసారి బోర్డు మీద మాత్రమే కాదు, మైక్రోవేవ్ పక్క ప్లాస్టిక్ కూడా కాలుతోంది, పైన కబోర్డు అంచు నల్లబడింది. గార్డు మిగతా గ్యాస్ మొత్తం కొట్టాడు, మంట తగ్గింది గానీ ఆరలేదు, సిలిండర్ ఖాళీ. అప్పుడు కారిడార్‌లో ఉన్న స్మోక్ డిటెక్టర్ పొగని పట్టుకుని అలారం మోగింది, అది 2 నిమిషాల 20 సెకన్లు. బిల్డింగ్ ఎలక్ట్రీషియన్ కింద నుంచి వచ్చి మొత్తం ఫ్లోర్ మెయిన్ ఆపేశాడు, తర్వాత 6 కేజీల ఏబీసీ పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ తెచ్చి కొడితే 3 నిమిషాల 20 సెకన్లకి ఆరింది. ఆ తర్వాత ఇంక మండలేదు.

ఇప్పుడు ఆ వీడియో. ఉద్యోగి పాంట్రీ తలుపు దగ్గర నిలబడి తీశాడు, తియ్యకూడదు, కానీ తీశాడు. లోపల చీకటి, పొగ, గార్డు సిలిండర్ కింద పెడుతున్నాడు, మంట లేదు. ఎడమ పక్కన పొగలోంచి నాలుగు ఆకుపచ్చ అంకెలు కనిపిస్తున్నాయి. మైక్రోవేవ్ గడియారం. లైట్లు ఆరాయి కానీ మైక్రోవేవ్‌కి పవర్ ఉంది, అంటే బోర్డుకీ ఉంది. ఫ్రేమ్ ఆపి ఆ అంకెలు చూసినప్పుడు ఆ అడ్మిన్ కుర్రాడి మొహం పాలిపోయింది, నిజానికి అతని తప్పేం లేదు. ఏడాది క్రితం పార్టిషన్ మార్చినప్పుడు పాంట్రీ ప్లగ్ పాయింట్లని పక్కన స్పేర్‌గా ఉన్న వర్క్‌స్టేషన్ సర్క్యూట్‌కి కలిపేశారు, లేబుల్ మాత్రం పాతదే ఉంచారు. "పాంట్రీ" అని రాసున్నది లైట్ల సర్క్యూట్ మాత్రమే.

సీఓటూ ఏం చేస్తుందంటే మంట చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ని పక్కకి నెట్టేస్తుంది, అంతే. వేడిని పెద్దగా తియ్యదు. గ్యాస్ చెదిరిపోగానే గాలి తిరిగి వస్తుంది, అక్కడ కరిగి బాగా వేడిగా ఉన్న ప్లాస్టిక్ ఉంది, దానికి తోడు లోపల కరెంటు ఇంకా వేడి పుట్టిస్తూనే ఉంది, ఇంక అంటుకోక ఏం చేస్తుంది. కరెంటు నిజంగా పోయి ఉంటే బోర్డు లాంటి చిన్న వస్తువు సాధారణంగా చల్లబడిపోతుంది. అందుకే ఇలాంటి చోట పవర్ పోయిందని లైట్లు చూసి నిర్ధారించుకోకూడదు, అదే బోర్డు మీద వెలిగేదేదైనా చూడాలి, మైక్రోవేవ్ డిస్‌ప్లే గానీ కాఫీ మెషిన్ లైట్ గానీ. అవి వెలుగుతుంటే అనుమానం లేకుండా ఫ్లోర్ మెయిన్ దించెయ్యాలి. ఎదురుగా మంట పెట్టుకుని ఏ ఎంసీబీ దేనిదని వెతుక్కునే టైమ్ కాదది. మంట ఆరాక కూడా సిలిండర్ కింద పెట్టకుండా, నాజిల్ అటువైపే పెట్టుకుని గుమ్మం బయట నుంచి కనీసం రెండు మూడు నిమిషాలు కనిపెట్టుకుని ఉండాలి. గార్డు ఎనిమిది సెకన్లు కొట్టి ఆపడం మంచి పనే, గ్యాస్ మిగిలింది కదా, కానీ వెనక్కి తిరిగేశాడు.

అసలు ఎందుకు అంటుకుందో చూద్దాం. మొదటి ప్రశ్న అందరూ అడిగేది, "సార్, ఓవర్‌లోడ్ అయితే ఎంసీబీ పడిపోవాలి కదా?" అని. లెక్క వేద్దాం. కెటిల్ 1500 వాట్స్, మైక్రోవేవ్ కరెంటు తీసుకునేది 1350, కాఫీ మెషిన్ 1300, ఫ్రిజ్ ఒక 150. మొత్తం 4300 వాట్స్, 230 వోల్ట్స్ మీద సుమారు 18.7 యాంప్స్. బోర్డు వెనకాల చిన్న అక్షరాల్లో మాక్సిమం 10 యాంప్స్ అని ఉంది. ఆ సర్క్యూట్‌కి ఉన్న ఎంసీబీ 20 యాంప్స్‌ది. అంటే ఎంసీబీ దృష్టిలో అసలు ఓవర్‌లోడే లేదు, అది రోజంతా అలాగే మోస్తుంది. 20 యాంప్స్ ఎంసీబీ 22.6 యాంప్స్ వరకు గంటసేపు పడకూడదు, 29 యాంప్స్ దగ్గర గంట లోపు పడాలి, దాన్ని తయారు చేసేదే అలా. అది కాపాడేది గోడలో ఉన్న వైరుని, మీరు బజార్లో కొని తెచ్చి గుచ్చిన సన్నటి తీగని కాదు. లీకేజ్ చూసే ఆర్‌సీసీబీ కూడా ఉంది ఆ ఫ్లోర్‌లో, అది కూడా ఊరుకుంది, ఎందుకంటే కరెంటు ఎర్త్‌లోకి పోలేదు, వెళ్లే తీగలో ఎంత వెళ్లిందో వచ్చే తీగలో అంతా తిరిగొచ్చింది. బోర్డు మీద సర్జ్ ప్రొటెక్టర్ అని పెద్ద అక్షరాల్లో రాసుంది, దాన్ని చూసే ఇది సేఫ్ అని కొన్నారట. సర్జ్ అంటే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగరడం, దానికీ ఓవర్‌లోడ్‌కీ సంబంధం లేదు.

10 బదులు 18.7 యాంప్స్ వెళ్తే వేడి రెండింతల లోపే పెరుగుతుందనుకుంటారు, అది తప్పు, కరెంటు వర్గం లెక్కన మూడున్నర రెట్లు పెరుగుతుంది. తీగని చుట్ట చుట్టి ఫ్రిజ్ వెనక దోపారు కాబట్టి ఆ వేడి పోయే దారి కూడా లేదు. అయినా సరే, మంట తీగ చుట్ట దగ్గర మొదలవలేదు. కాలిన బోర్డుని టేబుల్ మీద పెట్టి విప్పితే సాకెట్లలో ఇత్తడి క్లిప్పులు పైన మసి పట్టాయి గానీ ఆకారం బాగానే ఉంది. బోర్డులోకి తీగ దూరే చోట, స్క్రూ బిగించే టెర్మినల్ దగ్గర మాత్రం ఇత్తడి రంగు మారి, గుంటలు పడి, ఒక పక్క కరిగి పూసలా గట్టిపడింది. ఆ పక్కన తీగ మీద తొడుగు లోపలి నుంచి వదులై రాగికి అంటుకోకుండా గొట్టంలా జారుతోంది, బయట నుంచి కాలిన తీగ సాధారణంగా ఇలా ఉండదు. ఇది ఒక్కటే చూసి తీర్పు చెప్పను గానీ, టెర్మినల్ గుంటలు, కరిగిన పూస, దీనితో కలిపి చూస్తే మొదలైంది అక్కడే అని చెప్పొచ్చు.

ఆ టెర్మినల్ ప్రత్యేకత ఏంటంటే నాలుగు సామాన్ల కరెంటూ దాని గుండానే పోవాలి. సాకెట్లలో ఎవరి వాటా వాళ్లకి ఆరేసి యాంప్స్, ఇక్కడ మాత్రం మొత్తం 18.7. స్క్రూ కాస్త వదులై అక్కడ పదో వంతు ఓమ్ రెసిస్టెన్స్ వచ్చిందనుకోండి, 35 వాట్స్ వేడి ఆ ఒక్క చుక్కలోనే పుడుతుంది. మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్స్. అంటే ప్లాస్టిక్ డబ్బాలో సోల్డరింగ్ ఐరన్ ఆన్ చేసి మూత పెట్టినట్టు. ఇంతా జరుగుతున్నా వోల్టేజ్ తగ్గేది రెండు వోల్ట్స్ లోపే, కెటిల్ ఎప్పట్లాగే మరిగిస్తుంది, ఎవరికీ తేడా తెలీదు. వేడెక్కిన కొద్దీ ఇత్తడి మీద తుప్పు లాంటి ఆక్సైడ్ పొర పడుతుంది, దాంతో రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది, చల్లబడి వేడెక్కి స్క్రూ ఇంకా వదులవుతుంది, అలా వారాల తరబడి నడుస్తుంది.

వారాల తరబడి అని ఊహించి చెప్పడం లేదు. హౌస్ కీపింగ్ ఆవిడతో మాట్లాడుతుంటే మధ్యలో మాట ఆపి, "సార్, ఒకటి చెప్పనా, పది పదిహేను రోజుల నుంచి సాయంత్రం పూట అక్కడ చేపల వాసన వచ్చేది" అంది. ఫ్రిజ్‌లో ఎవరో ఏదో మర్చిపోయారనుకుని రెండుసార్లు ఫ్రిజ్ మొత్తం ఖాళీ చేసి కడిగిందట. "పొద్దున ఉండదు సార్, బ్రేక్ అయిపోయాక వస్తుంది." అంతకంటే మంచి డిటెక్టర్ ఆ ఫ్లోర్‌లో లేదు. స్విచ్‌లు, సాకెట్లలో వాడే గట్టి ప్లాస్టిక్‌లు కొన్ని బాగా వేడెక్కితే అచ్చం చేపల వాసనే వస్తుంది, కాలిన వాసన తర్వాత ఎప్పుడో వస్తుంది. లోడ్ ఉన్నప్పుడే వచ్చి లోడ్ పోగానే పోయే చేపల వాసన వస్తే ప్లగ్‌లు పీకి సాకెట్లు, బోర్డు చూడాలి, ఫ్రిజ్ కాదు. ఆవిడకి ఇది ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సింది నాలాంటి వాళ్లమే.

ఎక్స్‌టింగ్విషర్ దగ్గరికి మళ్లీ వస్తా, రెండు సంగతులున్నాయి. గార్డు వేళ్ల మీద బొబ్బలు మంట వల్ల కాదు, చలి వల్ల. సీఓటూ బయటికొచ్చేటప్పుడు దగ్గర దగ్గర మైనస్ 78 డిగ్రీలు ఉంటుంది, ఆయన నల్ల కొమ్ముని నేరుగా వేళ్లతో పట్టుకున్నాడు. కొమ్ముకి పట్టుకునే పిడి ఉంటే దాన్నే పట్టుకోవాలి, లేదంటే ముందే వంచి పెట్టుకుని చెయ్యి తీసెయ్యాలి. ట్రైనింగ్‌లో అందరికీ ఏబీసీ పౌడర్ సిలిండరే ఇచ్చి కొట్టించారు, దానికి రబ్బరు గొట్టం ఉంటుంది, అదే అలవాటులో దీన్నీ పట్టుకున్నాడు. సీఓటూ మోత కూడా భయపెట్టేలా ఉంటుంది, మొదటిసారి కొట్టేవాళ్లు ఉలిక్కిపడి వదిలేస్తారు కూడా.

రెండోది ఆయన తలనొప్పి. పొగ వల్లే అనుకున్నాడు, కొంత అదీ ఉంటుంది, పీవీసీ పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, అది కళ్లూ గొంతూ మండిస్తుంది. కానీ 4.5 కేజీల సీఓటూ గ్యాస్‌గా మారితే సుమారు రెండున్నర ఘనపు మీటర్లు. ఆ పాంట్రీ మూడు బై నాలుగు మీటర్లు, ఎత్తు 2.7, అంటే 32 ఘనపు మీటర్లు. తలుపు మూసి ఉంటే గదిలో సీఓటూ ఏడు శాతం దాటుతుంది, ఆ స్థాయిలో తలనొప్పి, కళ్లు తిరగడం, ఆయాసం వస్తాయి, పది దాటితే మనిషి స్పృహ తప్పుతాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి అంత చేరలేదు. చిన్న గదిలో సీఓటూ కొట్టేవాడు గుమ్మం దగ్గర నిలబడి కొట్టి, బయటికి వచ్చెయ్యాలి, లోపల నిలబడి ఆరిందో లేదో వంగి చూడకూడదు.

అసలు రెండోసారి కొట్టి ఉండాల్సిందేనా అంటే, కొట్టకుండా ఉండాల్సిందనే నా అభిప్రాయం. మొదటిసారి సరే, మంట చెత్తబుట్టంత, బయటికి వెళ్లే గుమ్మం ఆయన వెనకాలే ఉంది, పొగ తల పైనే ఉంది. రెండోసారి మంట కబోర్డుకి చేరింది, గది చీకటి, సిలిండర్ సగం ఖాళీ. అప్పుడు తలుపు మూసేసి బయటికి రావాల్సింది. ఇది గార్డుతో చెప్తే "ఆ టైమ్‌లో తోచదు సార్" అన్నాడు, నిజమే. చివర్లో ఎలక్ట్రీషియన్ పౌడర్ కొట్టింది కూడా అంచు మీద నిర్ణయమే, ఆయన ముందు మెయిన్ దించి, టార్చ్‌తో గుమ్మం నుంచి కొట్టాడు కాబట్టి నేను తప్పు రాయలేదు.

ఇక ఖాళీ చేయించడం. ఇందులో నాకు ఎక్కువ చికాకు కలిగించింది ఏంటంటే, పాంట్రీకి ఆరడుగుల దూరంలో అలారం మోగించే ఎర్ర డబ్బా కాల్ పాయింట్ ఉంది, దాన్ని ఎవరూ కొట్టలేదు. ముగ్గురు మంట ఆర్పడంలో ఉన్నారు, పదిహేను మంది చూస్తున్నారు, ఒక్కరు గాజు పగలగొట్టి ఉంటే ఖాళీ చెయ్యడం రెండు నిమిషాల ముందే మొదలయ్యేది. చిన్న మంటే కదా, ఆరిపోయాక ఊరికే అందర్నీ కిందకి దింపడం ఎందుకు అనుకున్నారట. పాంట్రీ లోపల ఉన్నది హీట్ డిటెక్టర్, అది పైకప్పు దగ్గర సుమారు 57 డిగ్రీలు దాటితే గానీ మోగదు. వంట పొగకి ఊరికే మోగుతోందని అక్కడ స్మోక్ డిటెక్టర్ పెట్టరు, ఆ నిర్ణయం తప్పు కాదు, కానీ దాని అర్థం అక్కడ మొదటి డిటెక్టర్ మనిషే అని. అది ఎవరికీ తెలీదు.

అలారం మోగాక 58 మంది బయటికి రావడానికి 4 నిమిషాల 10 సెకన్లు పట్టింది. అంత టైమ్ పట్టడానికి ఒక కారణం, దగ్గరి మెట్ల దారి ఫైర్ డోర్‌కి చెక్క ముక్క పెట్టి తెరిచి ఉంచారు, ఎప్పుడూ తియ్యడం మూయడం విసుగని. పొగ అందులోకి దూరింది. ఫ్లోర్ వార్డెన్ అక్కడ నిలబడి అందర్నీ వెనక మెట్లకి మళ్లించింది, కొందరు లాప్‌టాప్ కోసం వెనక్కి వెళ్లబోతే గట్టిగా తిట్టింది కూడా, ఆ అమ్మాయి పని తీరుకి వంక పెట్టలేం. కింద లెక్క పెడితే యాక్సెస్ కార్డు లిస్టులో 59, మనుషులు 57. ఒకరు మధ్యాహ్నమే వేరేవాళ్ల వెనకాలే బయటికి వెళ్లిపోయారు, కార్డు గీకలేదు, ఫోన్ చేస్తే వేరే చోట ఉన్నారు. ఇంకొకరు ఎక్కడ?

ఫోన్ బూత్‌లో. గాజు తలుపు, శబ్దం రాని గోడలు, చెవులకి హెడ్‌ఫోన్. వార్డెన్ చెక్‌లిస్ట్‌లో టాయిలెట్లు, మీటింగ్ రూమ్‌లు ఉన్నాయి, బూత్‌లు తర్వాత పెట్టారు కాబట్టి లిస్టులో లేవు. అతనికి అలారం వినపడలేదు. ఎలక్ట్రీషియన్ మెయిన్ దించినప్పుడు బూత్‌లో ఫ్యాన్, లైట్ ఆగిపోయాయి, లాప్‌టాప్ బ్యాటరీ మీద కాల్ అలాగే నడిచింది, ఉక్కపోసి కొంతసేపటికి తలుపు తెరిస్తే అప్పుడు వినపడింది. 58వ మనిషిగా వెనక మెట్ల మీద దిగి, "ఏమైంది?" అన్నాడట.

తర్వాత చేసిన మార్పులు త్వరగా చెప్పేస్తా. కెటిల్, మైక్రోవేవ్, కాఫీ మెషిన్‌లకి మూడు వేరు వేరు పవర్ పాయింట్లు, ఒక్కోదానికి తన సొంత 16 యాంప్స్ ఎంసీబీ, పాంట్రీలో ఎక్స్‌టెన్షన్ బోర్డు కనిపిస్తే హౌస్ కీపింగ్ వాళ్లే తీసి అడ్మిన్‌కి ఇచ్చెయ్యొచ్చు, అనుమతి అడగక్కర్లేదు. ఒక సీఓటూ సిలిండర్ పాంట్రీ గుమ్మం బయటికి వచ్చింది, లోపల కాదు, మంట దాటి వెళ్లి తీసుకోవాల్సిన చోట పెట్టకూడదు. బూత్‌లలో వెలిగి ఆరే ఫ్లాష్ లైట్ పెట్టించాం. పౌడర్ పడ్డ కీబోర్డులు, మానిటర్లు తడిగుడ్డతో తుడవబోతుంటే ఆపాను, ఆ పొడికి తేమ తగిలితే లోపలి బోర్డుల్ని తినేస్తుంది, పొడిగా వాక్యూమ్ చేసి ఇవ్వమన్నా.

అన్నిటికంటే ఎక్కువ టైమ్ పట్టింది డిస్ట్రిబ్యూషన్ బోర్డు. ఒక ఆదివారం ఎలక్ట్రీషియన్, నేను కూర్చుని ఒక్కో ఎంసీబీ దించి, ఏది ఆగిందో నడిచి చూసి లేబుల్ రాశాం. 24 ఎంసీబీల్లో ఐదింటి మీద రాసింది ఒకటి, అవి ఆపుతున్నది ఇంకోటి. అందులో ఒకదాని మీద "సర్వర్ ఏసీ" అని ఉంది, దించితే ఆగింది రిసెప్షన్‌లో చేపల తొట్టి మోటారు.